కారు సర్వీసు ఎస్టిమేట్‌ను ఒప్పుకునే ముందు స్పేర్లు, లేబర్, కన్స్యూమబుల్స్‌గా విడదీసి చూడడం ఎలా

సర్వీసు ఎస్టిమేట్ చేతికి రాగానే చూపు నేరుగా అడుగున ఉన్న మొత్తం మీదకే పోతుంది. అది ఎక్కువో తక్కువో అనిపించడమే తప్ప, ఎందుకు అంత అయిందో ఆ అంకె చెప్పదు. పై వరుసలు చదివినా పెద్దగా తెలియదు. సామాను, పని, రసాయనాలు అన్నీ వర్క్‌షాపు సాఫ్ట్‌వేర్ పేర్చిన క్రమంలో కలగాపులగంగా ఉంటాయి. మూడింటినీ ఒకే ప్రశ్నతో పరీక్షించలేకపోవడమే ఇందులోని చిక్కు. స్పేరుకు పార్ట్ నంబరు, లెక్క ఉంటాయి. లేబర్‌కు సమయం ఉంటుంది. కన్స్యూమబుల్స్‌కు తరచుగా ఈ రెండూ ఉండవు. అందుకే వాటిని మూడు కుప్పలుగా విడదీసి, ఒక్కొక్క దాన్ని దాని కొలతతో చూడాలి.

ఇదంతా ఒక్క ఉదాహరణతోనే చెబుతాను. నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు 60,000 కిలోమీటర్ల సర్వీసుకు వచ్చింది. బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రాల దగ్గర కీచుమంటోందని యజమాని చెప్పాడు. ధరలు ఊరిని బట్టి, కారును బట్టి మారతాయి కాబట్టి పన్ను కలపక ముందు ఉన్న మొత్తాన్ని 1000 పాళ్లుగా తీసుకుని, ఎస్టిమేట్‌లోని వరుసలను వచ్చిన క్రమంలోనే కింద ఇస్తున్నాను.

పీరియాడిక్ సర్వీసు లేబర్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పుతో సహా – 100
ఇంజిన్ ఆయిల్, 5 లీటర్లు – 100
ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ – 20
ఇంజిన్ ఫ్లష్ – 50
ఎయిర్ ఫిల్టర్ – 30
క్యాబిన్ ఫిల్టర్ – 30
క్యాబిన్ ఫిల్టర్ మార్చే లేబర్ – 15
ముందు బ్రేక్ ప్యాడ్లు, 2 సెట్లు – 120
ముందు ప్యాడ్లు మార్చే లేబర్ – 50
ముందు బ్రేక్ డిస్కులు, 2 – 140
ముందు డిస్కులు మార్చే లేబర్ – 70
నాలుగు చక్రాల బ్రేక్ క్లీనింగ్ లేబర్ – 60
బ్రేక్ క్లీనింగ్ కిట్ – 30
బ్రేక్ ఫ్లూయిడ్, 1 లీటరు – 20
టైర్ రొటేషన్ లేబర్ – 25
థ్రాటిల్ బాడీ క్లీనింగ్ – 60
ఏసీ క్రిమిసంహారక స్ప్రే – 48
కన్స్యూమబుల్స్ – 32

మొదటి మెట్టు: మూడు కుప్పలు వేయడం

ఒక కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, ప్రతి వరుసనూ ఏదో ఒక గడిలోకి దించండి. పేచీ వచ్చేది ద్రవాల దగ్గర. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలంట్ వంటివాటిని కొన్ని వర్క్‌షాపులు స్పేర్లలోనూ, కొన్ని కన్స్యూమబుల్స్‌లోనూ వేస్తాయి. వాళ్లు ఎక్కడ వేసినా మీ కాగితం మీద ఒక నియమం పాటించండి. ఎంత పోయాలో యజమాని మాన్యువల్ చెప్పే ద్రవం స్పేర్ల గడిలోకి వెళ్తుంది. గ్రీజు, క్లీనర్ స్ప్రే, సీలెంట్, గుడ్డపేలికలు వంటి కొలత లేని వస్తువులు మాత్రమే కన్స్యూమబుల్స్. థ్రాటిల్ బాడీ క్లీనింగ్‌లాగా రసాయనం, పని కలిపి ఒకే ధర వేసిన వరుసలను కూడా ప్రస్తుతానికి ఆ మూడో గడిలోనే ఉంచండి.

అలా వేస్తే మన ఉదాహరణలో స్పేర్లు 460, లేబర్ 320, కన్స్యూమబుల్స్ 220 పాళ్లు అవుతాయి. మూడూ కలిపితే 1000 రావాలి. రాలేదంటే ఏదో వరుస దాటిపోయిందనో, పన్ను ఎక్కడో ముందే కలిసిందనో అర్థం.

రెండో మెట్టు: స్పేర్లను లెక్కతో చూడడం

ముందుగా ప్రతి స్పేరుకూ పార్ట్ నంబరు అడిగి రాయించుకోండి. "బ్రేక్ ప్యాడ్లు" అన్న పేరుతో పెట్టెలో ఎన్ని ప్యాడ్లు వస్తాయో తెలియదు, నంబరుతో తెలుస్తుంది. మామూలుగా ముందు ప్యాడ్ల సెట్టు అంటే రెండు ముందు చక్రాలకూ సరిపడే నాలుగు ప్యాడ్లు. చక్రానికో సెట్టు కావాలనుకుని 2 అని వేస్తే ఒక పెట్టె అదనంగా బిల్లులోకి ఎక్కుతుంది. మన ఉదాహరణలో జరిగింది ఇదే. నంబరును పార్ట్స్ క్యాటలాగులో చూస్తే పెట్టెకు నాలుగు ప్యాడ్లు, వాటితోపాటు క్లిప్పులు కూడా ఉన్నాయని తేలింది. 120 కాస్తా 60 అయింది. క్లిప్పుల సంగతి విడిగా అడగడం మంచిది. కొన్ని సెట్లలో అవి రావు, పాతవి వదులై ఉంటే కొత్త ప్యాడ్లు వేసినా శబ్దం తిరిగి మొదలవుతుంది. ఎస్టిమేట్ ఎక్కువైతేనే తప్పని కాదు, ఉండాల్సిన వరుస లేకపోయినా తప్పే.

ఇంజిన్ ఆయిల్‌కు మాన్యువల్ చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు ఎంత పోయాలో, ఫిల్టర్ మార్చకపోతే ఎంత పోయాలో చాలా మాన్యువల్స్‌లో విడివిడిగా ఉంటుంది. మనకు కావలసింది మొదటి అంకె. ఈ కారుకు అది 3.6 లీటర్లు. 5 లీటర్లు రాయడానికి కారణం ఏమిటని అడిగితే అది ప్యాకేజీలో ముందే నింపి ఉన్న అంకె అని తేలింది. డ్రమ్ము నుంచి కొలిచి పోసేటట్లయితే 3.6 లీటర్లకే బిల్లు వేయాలి. సీలు డబ్బాలైతే 4 లీటర్ల వరకు ఒప్పుకోవచ్చు, మిగిలిన ఆయిల్ డబ్బాతో సహా మీకు ఇవ్వాలి. ఇక్కడ డబ్బాలే కాబట్టి 4 లీటర్లకు 80 పాళ్లు.

ఈ సర్వీసులో కూలంట్ లేదు కానీ, ఉన్నప్పుడు ఒక సంగతి గమనించండి. కూలంట్ నేరుగా పోసుకునే రకంగానూ, నీళ్లు కలుపుకోవాల్సిన చిక్కని రకంగానూ దొరుకుతుంది. సగానికి సగం కలపాల్సిన రకమైతే 5 లీటర్ల వ్యవస్థకు రెండున్నర లీటర్లే చాలు. డబ్బా మీద ఏ రకమని ఉందో చూడకుండా లీటర్లను మాత్రమే పోల్చి చూస్తే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఇక అసలు బరువైన వరుస డిస్కులది. ప్యాడ్లతోపాటు డిస్కులు కూడా మార్చాలా అన్నదానికి జవాబు కొలతలో ఉంది. డిస్కు అంచు మీదో, మధ్యలో టోపీలాంటి భాగం మీదో దాని కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. ఈ కారులో కొత్త డిస్కు 22 మిల్లీమీటర్లు, కనీసం 20. చక్రం విప్పి కొలిస్తే 20.9 వచ్చింది. అంటే 60,000 కిలోమీటర్లలో 1.1 మిల్లీమీటర్లు అరిగింది, ఇంకా 0.9 ఉంది. అరుగుదల ఇదే తీరుగా సాగితే మరో 49,000 కిలోమీటర్లు నడుస్తుందన్న లెక్క. ఇది ఉజ్జాయింపే, కొత్త ప్యాడ్ల రకాన్ని బట్టి మారుతుంది.

ఆ కొలత ఎలా తీశారో కూడా అడగాలి. డిస్కు బయటి అంచు ప్యాడుకు తగలదు కాబట్టి అక్కడ అరగని గట్టు ఒకటి మిగిలిపోతుంది. వెర్నియర్ క్యాలిపర్ దవడలను బయటి నుంచి పెట్టి కొలిస్తే అవి ఆ గట్ల మీదే ఆనుకుని, డిస్కు ఉన్నదానికంటే మందంగా ఉన్నట్టు చూపిస్తాయి. ప్యాడు రాసుకునే చోట మైక్రోమీటరుతో చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచిన అంకెనే నమ్మాలి. మందం ఉన్నా పగుళ్లు గానీ లోతైన చారలు గానీ కనిపిస్తే, లేదా బ్రేకు వేసినప్పుడు పెడల్ కింద అదురు తెలుస్తుంటే ఈ లెక్క చెల్లదు. ఈ కారులో అవేవీ లేవు. డిస్కులను ఈసారికి ఆపి, కొలతను జాబ్ కార్డు మీద రాయించారు. స్పేర్ల కుప్ప 460 నుంచి 240కి దిగింది.

మూడో మెట్టు: లేబర్‌ను విప్పే చోటును బట్టి మళ్లీ పేర్చడం

ఎక్కువమంది వదిలేసేది ఈ కుప్పనే. "పని చేసినవాడికి కూలి ఇవ్వాలి కదా" అని సరిపెట్టుకుంటారు. ఇవ్వాలి, నిజమే. ఒకే పనికి రెండుసార్లు ఇస్తున్నామా అన్నదే ప్రశ్న.

మొదట ప్రతి లేబర్ వరుస పక్కన గంటలు రాయించండి. చాలా ఎస్టిమేట్లలో సొమ్ము మాత్రమే ఉంటుంది, అయినా వెనుక సాఫ్ట్‌వేర్‌లో ఆ పనికి ఒక ప్రామాణిక సమయం ఉంటుంది. అడిగితే చెబుతారు. సొమ్మును గంటలతో భాగిస్తే గంట రేటు వస్తుంది. ఒకే మెకానిక్కు, కారు నిలిపే చోటూ ఒకటే, అయినా ఒక వరుసలో రేటు ఉన్నట్టుండి ఎక్కువగా వస్తే కారణం అడగాలి. ఈ ఉదాహరణలో అన్నిటికీ గంటకు 50 పాళ్లే. పీరియాడిక్ సర్వీసు 2 గంటలు, క్యాబిన్ ఫిల్టర్ 0.3, ప్యాడ్లు 1, డిస్కులు 1.4, బ్రేక్ క్లీనింగ్ 1.2, టైర్ రొటేషన్ 0.5. మొత్తం 6.4 గంటలు.

ఇప్పుడు ఆ వరుసలను ఎస్టిమేట్ క్రమంలో కాకుండా "ఈ పనికి కారులో ఏం విప్పాలి?" అన్న ప్రశ్నను బట్టి మళ్లీ పేర్చండి. ప్యాడ్లు మార్చడానికి కారును లిఫ్టు మీదకు ఎత్తి, ముందు చక్రాలు ఊడదీసి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే బ్రేక్ క్యాలిపర్ బోల్టు విప్పాలి. డిస్కులు మార్చడానికి ఇవన్నీ చేశాక క్యాలిపర్‌ను, దాని బ్రాకెట్‌ను పూర్తిగా తీయాలి. అంటే డిస్కు మార్చే పనిలో ప్యాడ్లు తీసి పెట్టడం ఎలాగూ ఉంది. బ్రేక్ క్లీనింగ్‌కు మళ్లీ అవే చక్రాలు, అవే క్యాలిపర్లు. టైర్ రొటేషన్‌కు కూడా నాలుగు చక్రాలూ ఊడదీయాలి, అవి అప్పటికే ఊడి కింద ఉన్నాయి.

ఇది మోసం కానక్కర లేదు. ప్రామాణిక సమయం ఏ పనికి ఆ పని విడిగా చేస్తే ఎంత పడుతుందో చెబుతుంది. కారు నేల మీద ఉందనీ, చక్రాలు బిగించి ఉన్నాయనీ అనుకునే లెక్క మొదలవుతుంది. నాలుగు పనులు ఒకేసారి జరిగితే మొదలు, చివర ఒక్కసారే ఉంటాయన్న సంగతి ఎస్టిమేట్ వేసేవాళ్లు చేత్తో సవరించాలి. రద్దీ రోజున ఆ సవరణ జరగదు.

కాబట్టి అడిగే తీరు కూడా అందుకు తగ్గట్టుగానే ఉండాలి. మన కారు యజమానికీ సర్వీస్ అడ్వైజర్‌కూ మధ్య మాట ఇలా సాగింది.

"ప్యాడ్లకు ఒక గంట, క్లీనింగ్‌కు గంటా పన్నెండు నిమిషాలు వేశారండీ. ప్యాడ్లు మార్చేటప్పుడు ముందు క్యాలిపర్లు శుభ్రం చేయకుండానే బిగిస్తారా?"

"లేదు సార్, శుభ్రం చేసి, అవి జరిగే పిన్నులకు గ్రీజు పెట్టే బిగిస్తాం."

"అలాంటప్పుడు క్లీనింగ్ వెనక చక్రాలకే మిగులుతుంది కదండీ?"

అడ్వైజర్ ఒక క్షణం స్క్రీన్ వైపు చూసి, దాన్ని 0.6 గంటకు మార్చాడు. రేటు తగ్గించమని బేరమాడి ఉంటే తల అడ్డంగా ఊపేవాడేమో. పని ఎలా జరుగుతుందని అడిగితే అతని జవాబులోనే సవరణ దొరికింది.

మిగతావీ అలాగే తేలాయి. క్యాబిన్ ఫిల్టర్ మార్చడం పీరియాడిక్ సర్వీసు పనుల జాబితాలో ముందే ఉంది కాబట్టి ఆ 0.3 పోయింది. టైర్ రొటేషన్‌లో చక్రాలను అటూ ఇటూ మార్చి గాలి సరిచూసే పని మాత్రం మిగులుతుంది, దానికి 0.2 గంట. డిస్కులు కూడా మార్చి ఉంటే 1.4 గంటల్లోనే ప్యాడ్ల పని కలిసిపోయి మొత్తం 4.2 గంటలయ్యేది. డిస్కులు ఆపారు కాబట్టి ప్యాడ్లకు 1 గంట ఉండి, మొత్తం 3.8 గంటలు, అంటే 190 పాళ్లు.

ఈ తర్కాన్ని లాగి లాగి ఎక్కువ దూరం తీసుకెళ్లకూడదు. ఒకే చోట విప్పే పనులకే ఇది వర్తిస్తుంది. గేర్‌బాక్సు దించి క్లచ్ మార్చేటప్పుడు అక్కడే ఉన్న ఇంజిన్ వెనక ఆయిల్ సీలు మార్చడానికి అదనపు సమయం కొద్దిగానే పడుతుంది. అదే రోజు చేసినంత మాత్రాన వెనక సస్పెన్షన్ బుష్‌ల లేబర్ తగ్గాలని అడగడంలో అర్థం లేదు. తుప్పు పట్టి కదలని బోల్టులకు ప్రామాణిక సమయం చాలదన్నదీ నిజమే. అలాంటప్పుడు అదనపు సమయం అడిగితే ఫొటో చూపించమనవచ్చు.

నాలుగో మెట్టు: కన్స్యూమబుల్స్‌ను రెండుగా చీల్చడం

మూడో గడిలో రెండు రకాల వరుసలు ఉంటాయి. ఒక రకం, ఒప్పుకున్న పని జరగడానికి నిజంగా ఖర్చయ్యేవి. రెండో రకం, కన్స్యూమబుల్స్‌లా కనిపించే వేరే పనులు. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ స్ప్రే రెండో రకంలోవి. వీటిని మాన్యువల్‌లోని మెయింటెనెన్స్ పట్టికతో, కారు లక్షణాలతో పోల్చి చూడండి. పట్టికలో లేకపోయినా, ఐడిల్‌లో ఇంజిన్ నిలకడగా లేకపోవడం, ఆగి ఆగి నడవడం వంటి లక్షణం ఉండి, విప్పి చూస్తే థ్రాటిల్ ప్లేటు చుట్టూ నల్లటి పేరుకుపోత కనిపిస్తే శుభ్రం చేయించడంలో అర్థముంది. ఏసీ నుంచి ముక్క వాసన వస్తుంటే స్ప్రే గురించి ఆలోచించవచ్చు, అయితే ఆ వాసన కొన్నిసార్లు క్యాబిన్ ఫిల్టర్ మారిస్తేనే పోతుంది. ఈ కారులో లక్షణాలేవీ లేవు, పట్టికలోనూ లేవు. మూడు వరుసలు, 158 పాళ్లు పక్కకు పోయాయి.

ఇక మొదటి రకంలో మిగిలినవి బ్రేక్ క్లీనింగ్ కిట్, "కన్స్యూమబుల్స్" అన్న పేరు మాత్రమే ఉన్న చివరి వరుస. కిట్‌లో ఏముందని అడిగితే బ్రేక్ క్లీనర్ స్ప్రే, గ్రీజు అన్నారు. చివరి వరుసలో ఏముందంటే మళ్లీ స్ప్రే, గ్రీజు, గుడ్డలే. ఒకే డబ్బాకు రెండు వరుసలు. వాటిలో ఒకటే ఉంచమని యజమాని అన్నాడు, కిట్ పోయింది.

ఉంచిన ఆ 32 పాళ్లు ఎలా వచ్చాయో కూడా చూడాలి. అది 320 పాళ్ల లేబర్‌లో సరిగ్గా పదో వంతు. అంటే ఎవరూ గ్రీజును తూచి వేయలేదు, లేబర్ మీద శాతంగా వేశారు. ఆ పద్ధతి చాలా చోట్ల ఉంది, దానితో పెద్దగా తగువు పెట్టుకోనక్కర లేదు. లేబర్ 190కి దిగినప్పుడు ఇది 19కి దిగాలి అన్నదే ముఖ్యం. పాత అంకె కదలకుండా అలాగే ఉండిపోవడం సవరించిన ఎస్టిమేట్లలో తరచుగా జరిగేదే.

ఇప్పుడు స్పేర్లు 240, లేబర్ 190, కన్స్యూమబుల్స్ 19. మొత్తం 449. తగ్గిన 551 పాళ్లన్నీ వర్క్‌షాపు తప్పని అనుకోకండి. డిస్కులు, వాటి లేబర్ తేడా వాయిదా పడ్డ పని, ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఖర్చే. ఫ్లష్, థ్రాటిల్, స్ప్రే అక్కర లేదని మనం నిర్ణయించినవి. రెండో ప్యాడ్ల సెట్టు, అదనపు ఆయిల్, రెండుసార్లు లెక్కపడ్డ లేబర్, కిట్ మాత్రమే ఎస్టిమేట్‌లోని పొరపాట్లు. ఈ మూడు రకాలనూ కలిపి మాట్లాడితే అవతలివాళ్లు మొత్తంగా సమర్థించుకోవడానికి దిగుతారు, తప్పయిన వరుసలు కూడా ఆ వాదనలో కొట్టుకుపోతాయి.

అయిదో మెట్టు: ఒప్పుకోలు రాతలో ఇవ్వడం

ఫోన్లో "సరే, కానివ్వండి" అంటే పాత ఎస్టిమేట్‌కు ఒప్పుకున్నట్టా, సవరించినదానికా అన్నది తేలదు. సవరించిన కాగితాన్ని మళ్లీ తెప్పించుకుని, దాని తేదీ, నంబరు పేర్కొంటూ సందేశం పంపండి. మాటలు ఇలా ఉంటే చాలు: "ఈ ఎస్టిమేట్‌లోని వరుసలకు మాత్రమే ఒప్పుకుంటున్నాను. ముందు డిస్కులు మార్చవద్దు, కొలత జాబ్ కార్డు మీద రాయండి. విప్పాక వేరే పని బయటపడితే ఫొటో, స్పేరు, లేబర్ గంటలు విడిగా పంపి, నా జవాబు వచ్చాకే మొదలుపెట్టండి. పాత ప్యాడ్లు, ఫిల్టర్లు, మిగిలిన ఆయిల్ కారులో పెట్టండి."

పాత సామాను అడగడంలో ఒక మినహాయింపు ఉంది. ఆల్టర్నేటర్, స్టార్టర్ వంటివి పాతది తిరిగి ఇచ్చే షరతు మీద తక్కువ ధరకు ఇస్తుంటారు. అలాంటప్పుడు పాతది మీకు రాదు, ఆ షరతు ఎస్టిమేట్‌లో రాసి ఉండాలి.

బిల్లు వచ్చాక మళ్లీ అవే మూడు గళ్లలో వేసి, ఒప్పుకున్న కాగితం పక్కన పెట్టి వరుసకు వరుస చూడండి. పన్ను కలిపిన మొత్తాన్ని పన్ను లేని ఎస్టిమేట్‌తో పోల్చకండి. ఆ తర్వాత డిక్కీలో పెట్టిన పాత ప్యాడ్లను తీసి చూడండి. ఒకే చక్రానికి చెందిన లోపలి ప్యాడు, బయటి ప్యాడు దాదాపు సమానంగా అరిగి ఉండాలి. ఒకటి 6 మిల్లీమీటర్లుండి రెండోది 3 దగ్గరకు వచ్చేసి ఉంటే ఆ వైపు క్యాలిపర్ సాఫీగా జరగడం లేదన్నమాట. పిన్ను బిగుసుకుని ఉండవచ్చు, పిస్టన్ సరిగా వెనక్కు రాకపోవచ్చు. ఆ మాట ఎస్టిమేట్‌లో ఎక్కడా లేకపోతే కారు గేటు దాటక ముందే ఆ రెండు ప్యాడ్లనూ అడ్వైజర్ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఆ పిన్నును విప్పి చూశారా అని అడగండి.